అత్తగారి జాడీకి ఆఖరి స్థానం

మా చేపల పచ్చడి సీసాకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు నాకు కావలసింది ఒక్కటే. మా తోడికోడలు తెచ్చిన పేరు ఓడిపోవాలి. ఏ పేరు గెలుస్తుందన్నది నాకు పట్టలేదు. మంచి పేరు రావాలని, మా ఆడవాళ్ళ సంఘం పైకి రావాలని అందరితో పాటు నేనూ అన్నాను. అవి పైపై మాటలు.

ఆమె తెచ్చిన పేరు 'అత్తగారి జాడీ'.

మా ఇద్దరికీ ఒకే అత్తగారు. నేను పెద్దకోడల్ని, ఆమె చిన్నకోడలు. అత్తగారు పోయి చాలా కాలమయింది. పోయినవాళ్ళను అనకూడదంటారు. నేను అంటాను. ఆవిడ చేపల పులుసు రెండు పూటలా తినేది కానీ ఊరగాయ జాడీలకు నీచు తగలకూడదు. కొత్తలో ఒకసారి కొర్రమీను ముక్కలు మిగిలితే, ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో ఒత్తి, నీడన ఆరబెట్టి, నూనెలో వేయించి పచ్చడి కలిపాను. చిన్న జాడీ ఒకటి ఖాళీగా కనబడితే అందులో పెట్టాను. అత్తగారు చూసింది. జాడీ నా చేతికిచ్చి, పచ్చడంతా కాలవలో పారబోయించి, చింతపండుతో తోమించి, మళ్ళీ తోమించి, ఆ జాడీని ఇంట్లోకి రానివ్వలేదు. వీధి అరుగు మీద పెట్టింది, వచ్చేపోయేవాళ్ళు అడిగితే చెప్పడానికి. "మా పెద్దకోడలు నీచు చేసిందమ్మా" అని అడిగినవాళ్ళందరికీ చెప్పింది. చిన్నకోడలికి ఇదంతా తెలుసు. ఆ అరుగు మీద కూర్చుని నవ్వినవాళ్ళలో ఆమె కూడా ఉంది.

ముక్కను గుడ్డలో ఒత్తి ఆరబెట్టిన తరువాతే వేయించడం, నిమ్మరసం పూర్తిగా చల్లారాక పోయడం, ఇవి నా చేతి పనులు. తేమ ఉంటే పచ్చడి నిలవదు. సంఘం పెట్టాక అందరికీ నేర్పింది నేనే. మండవల్లి దగ్గర కొల్లేటి ఒడ్డున మా ఊళ్ళో రేకుల షెడ్డు వేసుకుని తొమ్మిది మంది ఆడవాళ్ళం ఆ పచ్చడి పెడుతున్నాం. మా తోడికోడలు అధ్యక్షురాలు, పదో తరగతి చదివింది కాబట్టి.

ఏలూరులో ప్రదర్శన పెట్టినప్పుడు ఒక అధికారి మా బల్ల దగ్గర ఆగి, ముక్క నోట్లో వేసుకుని, ఇది ఎవరి చేతి పచ్చడండీ అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఆమె అందుకుంది.

"మా అత్తగారిదండీ. ఆవిడ దగ్గర నేర్చుకున్నాం. మా అక్కయ్యగారికి చదువు లేదండీ, సభలో మాట్లాడలేరు, అందుకని నేను చెప్తున్నాను."

పేపర్లో ఫొటో వచ్చింది. ఆమె సీసా పట్టుకుని ఉంది. నేను పక్కన సగం కనిపిస్తున్నాను. కింద ఏం రాశారో నాకు వేరొకరు చదివి చెప్పాల్సి వచ్చింది. 'అత్తగారి చేతి వంట' అని రాశారట. ఆ వారంలోనే వయోజనుల చదువు చెప్పే టీచరమ్మ దగ్గరికి పోయి పలక అడిగాను. జ్ఞానం కోసం నేర్చుకున్నానని చెప్పుకోను. కోపంతో నేర్చుకున్నాను. కోపం మంచి గురువు, పాఠం ఎగ్గొట్టనివ్వదు.

ఇక పేరు సంగతి. తాడేపల్లిగూడెంలో టోకు వ్యాపారం చేసే షాపువాళ్ళు మా పచ్చడి రుచి చూసి, సరుకు బాగుందండీ కానీ సీసా మీద పేరు లేకపోతే అరలో ఎక్కడ పెట్టమంటారు, ఏమని అడుగుతారు జనం, అన్నారు. పేరు ఖాయం చేసుకుని లేబుల్‌తో రండి అన్నారు. ఏలూరులో సీసాలు, లేబుళ్ళు అమ్మే సాయిబుగారి కూతురు ఆ పని ఒప్పుకుంది. డిజైన్ చదువుకున్న పిల్ల. తల మీద ముసుగు సర్దుకుంటూ మాట్లాడేది, మాట మెత్తన, పని గట్టి.

ముందు నోటికి వచ్చిన పేర్లన్నీ చెప్పించింది. ఎవరు చెప్పినా బాలేదు అనకూడదని షరతు. తరువాత వడపోత. ఫోనులో చెబితే అవతలివాళ్ళకు ఒక్కసారికే అర్థం కావాలి. ఆహార సరుకుల్లో ఇంకెవరైనా ఆ పేరును, దానికి దగ్గరి పేరును నమోదు చేసుకుని ఉండకూడదు, అది కంప్యూటర్లో వెతికి చూసింది. 'కొల్లేటి రుచులు' అని ఒకావిడ ఎంతో ముద్దుగా చెప్పింది. అది పోయింది.

"చోటు పేరూ సరుకు పేరూ కలిపితే అది మీ ఒక్కళ్ళ సొత్తు అనిపించుకోవడం కష్టమండీ. రేపు పక్క ఊరివాళ్ళూ పెట్టుకుంటారు" అంది ఆ పిల్ల.

చివరికి నాలుగు మిగిలాయి. అత్తగారి జాడీ, ఏటిగట్టు, నీటిపిట్ట, వలగంప.

సాయిబుగారి కొట్టు వెనక గదిలో, అట్టపెట్టెల మధ్య చాప వేసుకుని కూర్చున్నాం. మా తోడికోడలు ఆగలేకపోయింది.

"చేతులెత్తితే తేలిపోతుంది కదమ్మా. దీనికేం పెద్ద ఎన్నికలా."

ఆ పిల్ల వద్దనే లోపలే చేతులెత్తించింది. జాడీకి నాలుగు, గట్టుకు మూడు, పిట్టకు ఒకటి, గంపకు ఒకటి. నా చెయ్యి గట్టు మీద పడింది, జాడీకి ఎదురుగా నిలబడేది అదొక్కటే అని తోచి.

"నాలుగు. ఎక్కువ ఇదే. రాసేసుకో అమ్మాయ్" అంది తోడికోడలు.

"తొమ్మిదిలో నాలుగు" అన్నాను. "ఐదుగురు వద్దన్నట్టు."

"వద్దని ఎవరన్నారు అక్కయ్యా? వాళ్ళకు వేరేది నచ్చింది, అంతే."

"అదే నేను చెప్పేది. ఐదుగురికి వేరేది నచ్చింది."

ఆ పిల్ల మధ్యలో వచ్చింది. "పెద్దమ్మగారు అన్నది నిజమేనండీ. నాలుగు పేర్లుండి ఒక్కొక్కరికి ఒక్క ఓటే అయితే, సగం మందికి ఇష్టం లేనిది కూడా గెలుస్తుంది. పై రెండూ ఉంచి మళ్ళీ చేతులెత్తిద్దామా? జాడీ, గట్టు. ఐదు వచ్చినది గెలిచినట్టు."

ఆ మాట అందుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. పిట్ట, గంప చెప్పినవాళ్ళు ఇద్దరూ జాడీ వైపు పోరని అప్పుడు అనుకున్నాను. నా లెక్కలో గట్టుకు ఐదు, జాడీకి నాలుగు. ఆమె ఓడిపోతుంది, టీ తాగి బస్సెక్కి వచ్చేస్తాం. కానీ ఒక్క ఓటు తేడాతో ఓడితే అది ఓటమా? రేపు ఊళ్ళో, "కొద్దిలో పోయింది వదినా" అని చెప్పుకుంటుంది. నాకు అది చాలదు. ఆ పేరు అట్టడుగున పడాలి. పడిందని నలుగురి ముందూ పైకి చదవాలి. ఆమె కూర్చుని వినాలి.

"వేరే పద్ధతులు లేవా అమ్మా?" అన్నాను.

ఉన్నాయంది. నచ్చినవాటన్నిటికీ టిక్కు పెట్టడం ఒకటి, ఎక్కువ టిక్కులు వచ్చినది గెలుస్తుంది. అది నేను ఒప్పుకోలేదు. మావాళ్ళ సంగతి నాకు తెలుసు. ఎవరికీ నొప్పి కలగకూడదని నాలుగింటికీ టిక్కు పెట్టి చేతులు దులుపుకుంటారు. ఇంకొకటి వరస పెట్టడం. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ప్రతివాళ్ళూ నాలుగు పేర్లనూ వరసలో రాయాలి. మొదటిదానికి మూడు మార్కులు, రెండోదానికి రెండు, మూడోదానికి ఒకటి, ఆఖరుదానికి సున్నా. కూడితే ఏది ఎక్కువయితే అది.

ఆఖరుదానికి సున్నా. ఆ మాట నా చెవిలో తీయగా పడింది.

"ఇదే" అన్నాను. "ఇదే న్యాయం. అందరి మనసూ పూర్తిగా తెలుస్తుంది."

తోడికోడలు నా మొహం చూసింది. అనుమానం వచ్చింది కానీ కాదనడానికి కారణం దొరకలేదు. "సరే. సమానం వస్తే మాత్రం అధ్యక్షురాలి మాట" అంది.

"అంటే నువ్వు రెండుసార్లు ఓటేస్తావా?"

"ఎక్కడైనా అంతే అక్కయ్యా."

"ఎక్కడైనా కాదు, ఇక్కడ చెప్పు."

ఆ పిల్ల తగువు పెరగనివ్వలేదు. "కొన్ని చోట్ల అలా ఉంటుందండీ, తప్పు కాదు. కానీ మీ పేరే పోటీలో ఉంది కాబట్టి వేరేది పెట్టుకుంటే మంచిది. ఏదైనా సరే, చీటీలు విప్పకముందే ఒప్పుకోవాలి. విప్పాక ఒప్పుకునే నియమం ఎవరో ఒకరికి చుట్టమవుతుంది." సమానం వస్తే ఏం చేయవచ్చో చెప్పింది. ఎక్కువ మంది మొదట పెట్టినది గెలవడం. లేదా తక్కువ మంది ఆఖరున పెట్టినది గెలవడం. లేదా ఆ రెండిటికే మళ్ళీ చేతులెత్తించడం. ఏదీ కాకపోతే చీటీ తీయడం.

తోడికోడలు నవ్వింది. నా వైపే చూస్తూ నవ్వింది.

"తక్కువ మంది ఆఖరున పెట్టినది గెలవాలి. అదే పెట్టండి. అత్తగారిని ఆఖరున కూర్చోబెట్టే ఆడది ఈ గదిలో ఎవరుందో చూద్దాం."

"ఒప్పుకున్నాను" అన్నాను. ఆమె తన మెడకు తనే కొలత ఇచ్చిందనుకున్నాను. ఆ పిల్ల అందరినీ అడిగి, అందరూ సరేనన్నాక, నియమాన్ని పెద్ద అక్షరాలతో అట్ట మీద రాసి గోడకు ఆనించింది. నేనూ చదివాను. చీటీలు వచ్చే సమావేశంలో అంది.

ఆ మధ్య రోజుల్లో నేను ఇల్లిల్లూ తిరిగాను. జాడీకి చెయ్యెత్తనివాళ్ళు నాతో కలిసి ఐదుగురం. మిగిలిన నలుగురి దగ్గరికీ పోయాను. మొదట ఏది పెట్టుకుంటారో మీ ఇష్టం, జాడీని మాత్రం నాలుగులో పెట్టండి, అన్నాను. గట్టు చెప్పిన ఇద్దరూ అక్కాచెల్లెళ్ళు, రొయ్యలు వలుస్తూ విన్నారు.

"అట్లాగే పెడతామండీ పెద్దమ్మగారూ. మీరు చెప్పాక ఇంకేముందండీ."

గంప చెప్పినావిడ కాఫీ ఇచ్చింది. అట్లాగేనండీ అంది. పిట్ట చెప్పినది పెదపాడు నుంచి మా ఊరు కోడలుగా వచ్చిన మనిషి. చిన్నది, ఎప్పుడూ ఎక్కువ మాట్లాడదు. బియ్యంలో రాళ్ళు ఏరుతూ తలూపింది. ఆమె అత్తగారు పక్కనే మంచం మీద ఉండి, "ఏంటే, ఎవరే వచ్చింది, ఎందుకే" అని అడుగుతూనే ఉంది. ఈ పిల్ల మాట నిలబెట్టుకోదు, దీనికి నోరే లేదు, అనుకుంటూ వచ్చేశాను. గోదావరి జిల్లాలకు ఆనుకున్న మా వైపు మర్యాద ఎంత గొప్పదో మీకు తెలుసు. కాదు అనే మాట మావాళ్ళ నోటికి తిరగదు. ఆ సంగతి ఇంతకాలం బతికి కూడా లెక్కలోకి తీసుకోకపోవడం నా తెలివి.

మళ్ళీ అదే గదిలో చేరాం. చీటీ మీద నాలుగు పేర్లూ, చదువు రానివాళ్ళకు పక్కన బొమ్మలూ ఉన్నాయి. జాడీ, గట్టు, పిట్ట, గంప. బొమ్మ పక్కన అంకె వేయాలి. నేను గోడ వైపు తిరిగి జాడీ పక్కన నాలుగు వేశాను. గట్టిగా వేశాను, కాగితం చిరిగేటట్టు. అందరి చీటీలూ ఒక ఖాళీ సీసాలో వేయించి, సాయిబుగారి పిల్ల బాగా కుదిపి, ఒక్కొక్కటీ తీసి చదవడం మొదలుపెట్టింది.

మొదటి చీటీ: జాడీ ఒకటి, పిట్ట రెండు, గంప మూడు, గట్టు నాలుగు. తోడికోడలి వైపు నాలుగు చీటీలూ అచ్చు ఇలాగే వచ్చాయి. గట్టునే పడగొట్టాలని ఆమె కూడా ఇల్లిల్లూ తిరిగిందని అప్పుడు తెలిసింది. ఆమె మనుషులు మాట నిలబెట్టుకున్నారు.

నా చీటీ వచ్చింది. గట్టు ఒకటి, పిట్ట రెండు, గంప మూడు, జాడీ ఆఖరు. "ఆఖరు" అని ఆ పిల్ల పైకి చదివింది. నేను ఇంకో నాలుగు ఆఖర్ల కోసం కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

తరువాత రెండు చీటీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. గట్టు ఒకటి, జాడీ రెండు, పిట్ట మూడు, గంప ఆఖరు.

రెండు. అక్కాచెల్లెళ్ళ వైపు చూశాను. పెద్దది చాప అంచు పీకుతోంది. ఊరుకోలేకపోయాను.

"ఇదేంటమ్మాయ్?"

"అత్తగారిని అట్టడుగున ఎట్లా పెడతామండీ" అంది నేల చూస్తూ. "బొమ్మే అయినా చెయ్యి రాలేదండీ. మొదట మాత్రం పెట్టలేదు కదండీ."

"చీటీలు రహస్యమండీ" అంది ఆ పిల్ల, మెత్తగానే. నోరు మూసుకున్నాను. తోడికోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గంప ఆవిడ చీటీ వచ్చింది. గంప ఒకటి, పిట్ట రెండు, జాడీ మూడు, గట్టు నాలుగు. కాఫీ ఇచ్చిన చెయ్యి అది. ఒక్క చీటీ మిగిలింది. ఆ పిల్ల విప్పింది.

"పిట్ట ఒకటి. గట్టు రెండు. గంప మూడు. జాడీ ఆఖరు."

కూడింది. మళ్ళీ కూడింది. నల్లబల్ల లేదు కాబట్టి ఒక అట్టపెట్టె మూత మీద రాసి అందరికీ చూపించింది. జాడీకి పదిహేడు. నీటిపిట్టకు పదిహేడు. గట్టుకు పదకొండు, గంపకు తొమ్మిది.

నీటిపిట్టను మొదట పెట్టింది ఒక్క మనిషి. మిగతా అందరం శత్రువును తొక్కడానికి ఏదో ఒకటి పైన పెట్టాలి కాబట్టి ఆ పిట్టను రెండో మూడో స్థానాల్లో పెట్టాం. ఎవరికీ అక్కరలేని పిట్ట అందరి భుజాల మీదుగా పైకెక్కి కూర్చుంది. గట్టును ఆమె తొక్కింది, జాడీని నేను తొక్కాను.

"సమానం" అంది ఆ పిల్ల. అట్ట మీది నియమం వైపు చూసింది. "ఆఖరున పెట్టినవాళ్ళు, పిట్టకు ఎవరూ లేరు. జాడీకి ఇద్దరు. నీటిపిట్ట గెలిచిందండీ."

తోడికోడలు లేచి నిలబడింది. ఆమెకు చదువుంది, లెక్క త్వరగా తడుతుంది.

"ఈ రెండిటికే చేతులెత్తించండి. జాడీనా, పిట్టా అని. తొమ్మిదిలో ఆరుగురం పిట్ట కంటే జాడీనే పైన పెట్టాం. చీటీలు చూసుకోండి."

ఆ పిల్ల చూసింది. నిజమే. ఆమె వైపు నలుగురూ, అక్కాచెల్లెళ్ళిద్దరూ. ఆరు. నిజం కాబట్టే నాకు భయమేసింది.

"ఆ పద్ధతి కూడా ఉందని ఆ రోజు చెప్పానండీ. మీరు వేరేది కోరుకున్నారు" అంది ఆ పిల్ల. "అందరూ ఒప్పుకుంటే ఇప్పుడైనా మార్చవచ్చు. ఒక్కరు కాదన్నా పాత నియమమే."

అందరూ నా వైపు తిరిగారు.

"అక్కయ్యా" అంది తోడికోడలు. "ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఆవిడ పేరు మీద ఏమీ మిగల్లేదు. ఒక్క సీసా మీదైనా ఉంటుందనుకున్నాను. మీకేం పోతుంది?"

"పచ్చడి నాది" అన్నాను.

"పచ్చడి మీదే. ఎవరు కాదన్నారు?"

"నువ్వు. ప్రదర్శనలో. అందరి ముందూ."

ఆమె ఏదో అనబోయి ఆగింది. మరచిపోయానని చెప్పబోయి ఉంటుంది. మరచిపోలేదని ఆ మొహమే చెప్పింది.

"అయితే ఏం కావాలి మీకు?"

"నియమం నువ్వు కోరుకున్నదే. ఆఖరున కూర్చోబెట్టే ఆడది ఎవరుందో చూద్దామన్నావు. చూశావుగా, ఇద్దరం ఉన్నాం. నేను ఒప్పుకోను."

మంచి మనసున్న వాళ్ళయితే ఇక్కడ ఒప్పుకుంటారు. ఆరుగురికి నచ్చిన పేరును ఇద్దరి పంతం ఆపడం న్యాయం కాదని ఇప్పుడూ తెలుసు, అప్పుడూ తెలుసు. న్యాయం కోసం నేను ఏలూరు పోలేదు. ఆ పిల్ల అట్ట మూత మీద నీటిపిట్ట చుట్టూ గీత గీసింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో పెదపాడు పిల్ల నా పక్కన కూర్చుంది. రెండు వైపులా చేపల చెరువులు, గాలిమరల్లా తిరిగే యంత్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. టిక్కెట్టు చేతిలో మడుచుకుంటూ తనే చెప్పింది.

"మీ కోసం పెట్టలేదండీ పెద్దమ్మగారూ. మీరేమీ అనుకోకండి."

"మరెందుకు పెట్టావు?"

"పొద్దున్నే లేచి మా అత్తగారి మొహం చూడాలి, షెడ్డుకొస్తే సీసా మీదా అదే చూడాలా అండీ? రోజూ వందల సీసాలు తుడవాలి కదండీ." టిక్కెట్టు ఇంకో మడత పెట్టి, "పిట్టయితే ఏమీ అనదు" అంది.

నేను నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది ఆ ఒక్కసారే.

లేబుళ్ళు వచ్చాయి. నీలం రంగు, ఒంటికాలి మీద నిలబడ్డ పిట్ట, కింద పేరు. తాడేపల్లిగూడెం షాపువాళ్ళు బాగుందన్నారు, పిలవడానికి తేలికగా ఉందన్నారు. గెలిచిన పేరును నేను ఇప్పటికీ ప్రేమించలేను. అక్కాచెల్లెళ్ళూ, గంప ఆవిడా నాతో పూర్వంలాగే, ఏవండీ పెద్దమ్మగారూ అంటూ మాట్లాడతారు. వాళ్ళిచ్చే కాఫీ నేను తాగను.

తోడికోడలు సంఘం మానేస్తుందనుకున్నాను. మానలేదు. అధ్యక్షురాలిగానే ఉంది, లేబుళ్ళు అతికించే వంతు వచ్చినప్పుడు అందరితో పాటు కూర్చుంటుంది. మొదటిసారి ఆమె వంతు వచ్చినప్పుడు నేను ఎదురుగా కూర్చున్నాను. ఒక సీసా తీసి చూశాను. పిట్ట ఒక పక్కకు ఒరిగింది.

"వంకరగా ఉంది" అన్నాను.

"చిన్న తేడా అక్కయ్యా. ఎవరికి కనబడుతుంది?"

"నాకు కనబడుతోంది. పీకి మళ్ళీ అతికించు."

ఆమె నన్ను చూసింది, సీసాను చూసింది. గోటితో లేబుల్ అంచు లేపి, మెల్లగా పీకి, కొత్తది తీసుకుని అతికించి నా ముందు పెట్టింది. ఈసారి తిన్నగానే ఉంది. ఇంకో సీసా చేతిలోకి తీసుకున్నాను.

"ఇదీ."